ఫౌండరే స్వయంగా ఇంటర్వ్యూ చేసి "త్వరలో మాట్లాడదాం" అన్నాక ఏం రాయాలి?

ప్రశ్న: నిన్న ఒక చిన్న స్టార్టప్ ఫౌండర్‌తో ఇంటర్వ్యూ అయింది. ఆయనే మెసేజ్ పెట్టారు, రెండు గంటల్లో కాల్ చేశారు, నలభై నిమిషాల్లో అంతా అయిపోయింది. "బాగుంది, త్వరలో మాట్లాడదాం" అని పెట్టేశారు. అక్కడ హెచ్‌ఆర్ అంటూ ఎవరూ లేరు. ఇప్పుడు నేనే రాయాలా? రాస్తే ఏమని రాయాలి? తొందరపడుతున్నట్లు కనిపిస్తుందేమోనని ఆగాను.

జవాబు:

రాయండి, ఈ రోజే రాయండి. ఆయన మిమ్మల్ని ఎక్కడ పలకరించారో అక్కడే, ఆ సంభాషణ కిందే రాయండి. ఆరేడు వాక్యాలు చాలు. ఆయన చెప్పిన సమస్యల్లో ఒకదాని గురించి మీరు నిజంగా ఆలోచించిన మాట, మీరు ఎప్పటి నుంచి చేరగలరో ఆ తేదీ, చివర ఆయన ఒక్క ముక్కలో జవాబు ఇవ్వగలిగే ప్రశ్న. ఈ మూడూ ఉంటే సరిపోతుంది. జవాబు రాకపోతే నాలుగైదు పనిదినాలు ఆగి ఇంకోసారి, మరో వారానికి చివరిసారి రాయండి. నాలుగోసారి వద్దు.

నేను ఈ బల్లకు రెండు వైపులా కూర్చున్నాను. మొదట రెండు చిన్న కంపెనీల్లో తొలి పదిమందిలో ఒకరిగా చేరాను. తర్వాత సొంతంగా ఒకటి మొదలుపెట్టి, పద్నాలుగో మనిషి వచ్చేదాకా ఇంటర్వ్యూలన్నీ నేనే చేశాను. కాబట్టి అవతలి వైపు ఏం జరుగుతుందో ముందు చెబుతాను. అది తెలిస్తే ఏం రాయాలో మీకే తడుతుంది.

పెద్ద కంపెనీలో మీ పేరు ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. మీరు ఏ దశలో ఉన్నారో అందులో కనిపిస్తుంది, గడువు దాటితే ఎవరికో గుర్తు చేస్తుంది. చిన్న స్టార్టప్‌లో ఇవేవీ ఉండవు. మీ దరఖాస్తు మొత్తం ఒక మనిషి తలలోనూ, ఆయన ఫోనులోనూ ఉంటుంది. నేనైతే నోటుపుస్తకంలో పేరు రాసి పక్కన రెండు ముక్కలు గీకేవాణ్ణి: "బాగుంది. డేటా గురించి ఏదో చెప్పాడు." కాల్ అయిన పది నిమిషాలకు ఒక కస్టమర్ ఫోన్ చేసేవాడు, సాయంత్రం సర్వర్ ఆగిపోయేది, మర్నాడు జీతాల లెక్కలు. మూడు రోజుల తర్వాత పుస్తకం తిప్పితే, ఆ "ఏదో" ఏమిటో నాకే గుర్తుండేది కాదు. మనిషి నచ్చకపోవడం కాదు, పేజీ తిరిగిపోవడం.

ఇంకో సంగతి. ఇంటర్వ్యూ వేగంగా జరిగింది కాబట్టి నిర్ణయమూ వేగంగా వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. రెండు గంటల్లో కాల్ పెట్టారంటే ఆ రోజు ఆయనకు ఎక్కడో మంట అంటుకుంది. ఎవరో మానేసి ఉంటారు, లేదా పెద్ద కస్టమర్ ఒకరు గట్టిగా అడిగి ఉంటారు. ఆ మంట ఉన్నంతసేపే మీ పేరు పైన ఉంటుంది. రేపు ఇంకో మంట వస్తే మీది కిందికి జారుతుంది. తొందరపడుతున్నట్లు కనిపిస్తుందేమోనని మీరు ఆగిన ఒక్కో రోజూ మీ చోటును ఇంకాస్త కిందికి దించుతుంది. ఆయనే రెండు గంటల్లో పిలిచారు కదా, మీరు మర్నాడు రాస్తే తొందర అనుకోరు.

అందుకే ఈ మెసేజ్ పని కృతజ్ఞత చెప్పడం కాదు. అక్కడ ఎవరూ చేయని హెచ్‌ఆర్ పనిలో కొంత మీరు చేసిపెట్టడం: ఏం మాట్లాడుకున్నామో గుర్తుచేయడం, తర్వాతి అడుగును ఆయన చేతికి అందేంత దగ్గర పెట్టడం.

ఒక ఉదాహరణ చెబుతాను. నాకు తెలిసిన ఒకమ్మాయి, చిన్న దుకాణాల స్టాకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో కస్టమర్ల పని చూసే ఉద్యోగానికి ఇలాగే హడావుడిగా మాట్లాడింది. పంపబోయే ముందు నాకు చూపించిన మెయిల్ ఇది:

"గౌరవనీయులైన సర్, మీ విలువైన సమయాన్ని కేటాయించినందుకు హృదయపూర్వక ధన్యవాదాలు. మీ సంస్థ లక్ష్యాలు నన్ను ఎంతగానో ఆకట్టుకున్నాయి. నా అనుభవం, నైపుణ్యాలు మీ సంస్థకు ఉపయోగపడగలవని నమ్ముతున్నాను. మీ సానుకూల స్పందన కోసం ఎదురుచూస్తుంటాను."

తప్పేమీ లేదు. కానీ కంపెనీ పేరు మార్చనవసరం కూడా లేకుండా ఎవరికైనా పంపవచ్చు. పైగా ఇది చదివి ఆయన ఏం చేయాలి? "సరే" అనుకుని ఫోను పక్కన పెట్టడం తప్ప ఇందులో ఆయనకు పనేమీ లేదు.

నేను ఆమెను ఒకటే అడిగాను: "మాటల్లో ఆయన ఎక్కడ ఆగాడు? ఏది చెబుతున్నప్పుడు గొంతు మారింది?" కాసేపు ఆలోచించి చెప్పింది: కొత్త కస్టమర్లు చేరుతున్నారు కానీ మొదటి వారం దాటకుండానే వాడటం మానేస్తున్నారని ఆయన రెండుసార్లు అన్నాడట. అయితే రాయాల్సింది అదే. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడవచ్చు. ఆమె ఆ మధ్యాహ్నమే ఖాతా తెరిచి, కొత్త దుకాణదారు చేసే మొదటి పని చేసి చూసింది: పాత స్టాకు లెక్కల ఫైలును ఎక్కించింది. నలభై నిమిషాల్లో ఒకటి దొరికింది. దాంతో ఇలా రాసింది:

"నమస్తే. కొత్త కస్టమర్లు మొదటి వారంలోనే ఆగిపోతున్నారని పొద్దున మీరు చెప్పారు కదా, మధ్యాహ్నం ట్రయల్ ఖాతా తెరిచి చూశాను. నేను ఎక్కించిన స్టాకు ఫైలులో 13 నుంచి 31 దాకా తేదీలున్న వరుసలు చేరలేదు. 12 లోపువి చేరాయి కానీ రోజు, నెల తారుమారయ్యాయి. నెల ముందుంటుందని అనుకుని చదువుతున్నట్లుంది. తెర మీద 'కొన్ని వరుసలు చేరలేదు' అనే వస్తోంది, ఏవో తెలియడం లేదు. అందరూ ఆగిపోవడానికి ఇదే కారణమని అనను. కస్టమర్ల పనికి నన్ను తీసుకుంటే, మొదటి వారంలో ఆగిపోయినవాళ్లలో పదిమందికి ఫోన్ చేసి ఇది ఎంతమందికి ఎదురైందో కనుక్కోవడంతో మొదలుపెడతాను. వచ్చే నెల 3 నుంచి చేరగలను. గురువారం సాయంత్రం పదిహేను నిమిషాలు మాట్లాడదామా?"

ఆ రాత్రే జవాబు వచ్చింది: "6కి." అంతే. ఫౌండర్ల జవాబులు ఇలాగే ఉంటాయి, పొడిగా ఉందని బాధపడకండి.

ఈ మెసేజ్‌లో కొన్ని విషయాలు గమనించండి. "అందరూ ఆగిపోవడానికి ఇదే కారణమని అనను" అన్న వాక్యం నాకు చాలా ఇష్టం. నలభై నిమిషాలు చూసి రోగం కనిపెట్టేశానని చెప్పే మనిషిని ఏ ఫౌండరూ నమ్మడు, ఎందుకంటే ఆయన దానితో ఏడాదిగా కుస్తీ పడుతున్నాడు. చూసింది చూసినట్లు చెప్పి, తెలియనిదాన్ని ఎలా తెలుసుకుంటుందో చెప్పింది. అలాగే "మీ సాఫ్ట్‌వేర్‌లో తప్పుంది" అనలేదు, "నేను ఎక్కిస్తే ఇలా వచ్చింది" అంది. ఆ కోడు బహుశా ఆయనే ఒక రాత్రి కూర్చుని రాసి ఉంటాడు.

"కస్టమర్ల పనికి" అన్న మాట నేను చేర్పించాను. మీ మెసేజ్‌ను ఆయన ఒక్కరే చదువుతారని అనుకోకండి. హెచ్‌ఆర్ లేని చోట నిర్ణయం ఇలా జరుగుతుంది: ఫౌండర్ మీ మెసేజ్‌ను ఉన్నదున్నట్లు భాగస్వామికి పంపి "ఏమంటావు?" అని అడుగుతాడు. ఆ భాగస్వామి మీతో మాట్లాడలేదు, మీరు ఏ పనికి అడుగుతున్నారో కూడా తెలియదు. కాల్‌లో లేని మనిషికి కూడా అర్థమయ్యేలా మెసేజ్ ఉందో లేదో పంపే ముందు ఒకసారి చూసుకోండి. "మనం మాట్లాడుకున్న ఆ విషయం" అని రాస్తే భాగస్వామి దగ్గర అది చచ్చిపోతుంది.

ఇక చివరి ప్రశ్న. "మీ నిర్ణయం ఎప్పుడు తెలియజేస్తారు?" అని దాదాపు అందరూ అడుగుతారు. వినడానికి చిన్న ప్రశ్నే, కానీ జవాబు చెప్పాలంటే ఆయన భాగస్వామితో మాట్లాడాలి, డబ్బు లెక్క చూసుకోవాలి, ఇంకా ఎవరెవరితో మాట్లాడాలో తేల్చుకోవాలి. తేలదు కాబట్టి జవాబు వాయిదా పడుతుంది. "గురువారం పదిహేను నిమిషాలు?" అంటే అవుననో కాదనో చాలు, లిఫ్టులో నిలబడి కూడా చెప్పవచ్చు. అడగవలసింది ఉద్యోగం కాదు, తర్వాతి చిన్న అడుగు. ఇంకోసారి మాట్లాడటం కావచ్చు, జట్టులో మరొకరిని కలవడం కావచ్చు. ఏదైనా ఒకటే అడగండి. రెండు ప్రశ్నలు వేస్తే సులువైనదానికి జవాబిచ్చి రెండోది మరిచిపోతారు. నేనూ అదే చేసేవాణ్ణి.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది, అది కూడా చెప్పాలి. ఒకసారి ఒకతను మా వెబ్‌సైటు మీద తొమ్మిది పేజీల నివేదిక పంపాడు. మంచి నివేదికే. అంత కష్టపడినవాడికి రెండు ముక్కల్లో జవాబివ్వడం మర్యాద కాదనిపించి, తీరిక దొరికినప్పుడు రాద్దామని పక్కన పెట్టాను. ఆ తీరిక రాలేదు. అతనికి నేను ఇప్పటికీ జవాబు బాకీ. కాబట్టి గంటకు మించి పని చేయకండి, ఒక్క విషయానికి మించి చెప్పకండి. ఫైలు జతచేయకండి, చెప్పేదంతా మెసేజ్‌లోనే కనిపించాలి. ఇంకా కావాలంటే ఆయనే అడుగుతారు. "రెండు రోజులు కూర్చుని ఇది చేసి చూపించండి" అంటే మాత్రం దానికి ఎంత ఇస్తారో అడగడంలో తప్పు లేదు. బయటివారికి తెరిచి ఉంచిన చోట్లే చూడండి. ఇతర కస్టమర్ల సమాచారం కనిపించే సందు దొరికిందేమోనని తవ్వడం ఉద్యోగం తెచ్చిపెట్టదు, చిక్కులు తెస్తుంది.

వాడి చూడటానికి ఏమీ లేని కంపెనీ అయితే? అప్పుడు ఇంటర్వ్యూలో మీరు తడబడిన ప్రశ్న ఉంటుంది కదా, అది మంచి సరుకు. నా రెండో ఉద్యోగం అలాగే వచ్చింది. నెలాఖరులో లెక్కలు సరిపోకపోతే ముందు ఏం చూస్తావని అడిగితే ఏదో గజిబిజిగా చెప్పాను. ఆ రాత్రి "పొద్దున సరిగ్గా చెప్పలేకపోయాను. ముందు బ్యాంకు లెక్కనూ మన లెక్కనూ తేదీలవారీగా పక్కపక్కన పెట్టి, తేడా మొదలైన రోజును పట్టుకుంటాను, మొత్తాలు తర్వాత" అని రెండు వాక్యాలు పంపాను. క్షమాపణలూ సంజాయిషీలూ లేవు.

ఎక్కడ రాయాలన్నది చిన్న విషయం, కానీ ఇక్కడ చాలామంది చెడగొట్టుకుంటారు. వాట్సాప్‌లో పలకరిస్తే వాట్సాప్‌లోనే, మెయిల్ అయితే ఆ మెయిల్‌కే జవాబుగా. మెయిల్ చూడలేదేమోనని వాట్సాప్‌లో, అది చూడలేదేమోనని లింక్డ్‌ఇన్‌లో రాస్తే ఒకే మనిషి మూడు కిటికీల్లోంచి తొంగిచూసినట్లు ఉంటుంది. కాల్‌లో ఇద్దరు ఫౌండర్లు ఉంటే మాటలు నడిపిన ఒకరికే రాయండి. ఇద్దరికీ విడివిడిగా ఒకే మెసేజ్ పంపితే, వాళ్లు పక్కపక్క కుర్చీల్లోనే కూర్చుంటారని గుర్తుంచుకోండి. చదివినట్లు నీలం గుర్తులు కనిపించి జవాబు లేకపోతే దానికి అర్థం వెతకకండి. కస్టమర్ ఎదురుగా కూర్చుని చదివి ఉంటారు.

ఆ అమ్మాయి కథ "6కి" దగ్గర అయిపోలేదు. గురువారం మాట్లాడారు, "మీరు రావాలి, రెండు రోజుల్లో చెబుతాను" అన్నారు. తర్వాత ఐదు పనిదినాలు మౌనం. ఆమెకు కోపం వచ్చింది. "ఒకసారి గుర్తుచేస్తున్నాను" అని రాయబోతే ఆపాను. ఆ మాట చదివినవాడికి తను తప్పు చేశానని మాత్రమే గుర్తుకొస్తుంది, తప్పు చేశానని అనిపించినవాళ్లు జవాబును ఇంకా వాయిదా వేస్తారు. రెండో మెసేజ్‌లో ఏదో ఒకటి కొత్తగా ఉండాలి, చిన్నదైనా సరే. ఆమె ఇలా రాసింది:

"నమస్తే. తేదీల సంగతి నాకు తెలిసిన ఇద్దరు దుకాణదారులను అడిగాను. ఇద్దరి ఫైళ్లలోనూ రోజే ముందుంది. నేను 3 నుంచి చేరడం ఇంకా కుదురుతుంది. మీ భాగస్వామితో ఈ వారం మాట్లాడమంటారా, లేక వచ్చే వారమా?"

జవాబు మర్నాడు వచ్చింది. పెట్టుబడి పెట్టేవారితో సమావేశాలు నడుస్తున్నాయనీ, డబ్బు చేతికి రానిదే కొత్త జీతం ఒప్పుకోలేననీ చెప్పారు. ఆమె అనుకున్నదానికంటే ఆరు వారాలు ఆలస్యంగా చేరింది. ఆ ఆరు వారాలూ వేరే ఇంటర్వ్యూలు ఆపలేదు, మీరూ ఆపకండి.

మౌనానికి కారణం బయటి నుంచి కనిపెట్టడం కష్టం. డబ్బు రాలేదా, భాగస్వామికి నచ్చలేదా, ఉద్యోగమే ఇంకా ఖాయం కాలేదా, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. నేను చూసుకునే గుర్తు ఒకటే: జవాబులో తేదీ ఉందా? "సోమవారం చెబుతాను" అన్నవాడు మరిచిపోయినా అడగడానికి వీలుంటుంది. రెండుసార్లు వరుసగా తేదీ లేని "త్వరలో" వస్తే దాన్ని కాదనే లెక్కవేసి ముందుకు కదలండి. మూడో మెసేజ్ అప్పుడే: "ఈ నెల వేరే అవకాశాలు చూసుకుంటున్నాను. మీకు తర్వాత అవసరమైతే ఇదే నంబరుకు రాయండి, సంతోషంగా మాట్లాడతాను." ఇందులో ప్రశ్న లేదు, నిష్ఠూరం లేదు. విచిత్రం ఏమిటంటే, ఫౌండర్‌గా నేను ఆలస్యంగానైనా ఎక్కువగా జవాబిచ్చింది ఇలాంటి మెసేజ్‌లకే. అడగడం మానేసిన మనిషికి రాయడం ఎందుకో సులువు.

చేతిలో నిజంగా ఇంకో ఆఫర్ ఉంటే దాచకండి. "శుక్రవారంలోగా వేరే చోట చెప్పాలి, మీ దగ్గర పనే నాకు ఎక్కువ ఇష్టం" అని తేదీతో సహా రాయండి. చిన్న కంపెనీలో దీన్ని బెదిరింపుగా తీసుకోరు, పనికొచ్చే సమాచారంగానే తీసుకుంటారు. లేని ఆఫర్ చెప్పకండి. ఒకతను నాతో అలాగే అన్నాడు. శుక్రవారంలోగా తేల్చలేనని, ఆ ఆఫర్ తీసుకోమని మనస్ఫూర్తిగా చెప్పాను. పై వారం మళ్లీ మెసేజ్ పెట్టాడు, ఇద్దరికీ ఇబ్బందే.

చివరిగా మీరు అడగనిది ఒకటి. ఇంత వేగంగా కదిలే ఫౌండర్ ఒక్కోసారి ఫోనులోనే "సోమవారం వచ్చేయండి" అంటారు. అప్పుడు రాయాల్సిన మెసేజ్ వేరు. నేను మొదటి కంపెనీలో చేరినప్పుడు షేర్లలో ఇంత శాతం అని నోటిమాటగా చెప్పారు, నేనూ నమ్మాను. వాళ్లు మోసగాళ్లు కాదు. కానీ అలాంటి కేటాయింపును కంపెనీ బోర్డు ఆమోదించాలని నాకు తెలియదు, వాళ్లకు తీరిక లేదు. ఏడాదిన్నర తర్వాత అడిగితే కాగితం మీద ఏమీ లేదు. ఆ రోజు కాల్ అయిన గంటలో నేను పంపాల్సిన మెసేజ్ ఇది:

"సంతోషం, వస్తాను. మనం అనుకున్నవి సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి: నా పని ఇది, నెల జీతం ఇంత, చేరే తేదీ ఇది, షేర్లు ఇన్ని, కంపెనీ మొత్తం షేర్లు ఇన్ని, అవి నాలుగేళ్లలో విడతలుగా వస్తాయి, మొదటి విడత ఏడాది నిండాక. బోర్డు ఆమోదం ఎప్పటికి అవుతుంది? ఇవి సరైనవైతే 'అవును' అని రాస్తే చాలు, పత్రం తర్వాత పంపండి."

నాలుగేళ్లు, మొదటి ఏడాది నిండేదాకా ఏమీ రాకపోవడం స్టార్టప్‌లలో మామూలుగా కనిపించే పద్ధతి. మీది వేరుగా ఉండవచ్చు, ఏది అనుకున్నారో అదే రాయండి. మొత్తం షేర్ల సంఖ్య తప్పకుండా అడగండి. పదివేల షేర్లు అంటే లక్షలో పదివేలా, కోటిలో పదివేలా అన్నది తెలియకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఫౌండర్ "అవును" అని రాస్తే అది పూర్తి ఒప్పందపత్రం కాకపోయినా, తర్వాత పత్రం రాసే రోజున ఇద్దరూ తెరిచి చూసుకోవడానికి ఒక రాత ఉంటుంది. ఆ "అవును" వచ్చేదాకా ఇప్పుడున్న చోట రాజీనామా ఇవ్వకండి.